‘లెట్స్ సర్కిల్ బ్యాక్’ అంటే తర్వాత చేస్తామనా, చెయ్యమనా?

మియాపూర్ మెట్రో: హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో డెవలపర్‌ని. క్లయింట్ అమెరికాలో ఒక ఇన్సూరెన్స్ సంస్థ. మా స్క్రీన్ మీద పాలసీ రెన్యువల్ తేదీ చూపించాలి. ఆ తేదీ వేరే టీమ్ నడిపే ఏపీఐలోంచి రావాలి, ఇప్పుడు రావడం లేదు. ఒక్క ఫీల్డ్ కలపమని వాళ్లను అడిగాను. మీటింగ్‌లో వాళ్ల లీడ్ ‘గుడ్ పాయింట్, లెట్స్ సర్కిల్ బ్యాక్ ఆన్ దిస్’ అన్నారు. అదే టీమ్‌లో కోడ్ రాసే అబ్బాయిని చాట్‌లో అడిగితే ‘విల్ ట్రై’ అని పెట్టాడు. ఇది జరిగి ఎనిమిది రోజులైంది. ఈ నెల 28న మా రిలీజ్, 21 శుక్రవారం కోడ్ ఫ్రీజ్. ఈరోజు 5. వస్తుందని నమ్ముకోవాలా, వద్దా? మళ్లీ అడిగితే వెంటపడుతున్నట్టు ఉంటుందేమోనని మొహమాటం.

పెసరట్టు ఉప్మా: ఇందులో ఆలోచించడానికి ఏముంది బ్రో. సర్కిల్ బ్యాక్ అంటే నో. విల్ ట్రై అంటే నో. నాలుగు కంపెనీలు మారాను, ఎక్కడైనా ఇదే. ‘శుక్రవారంలోగా జవాబు రాకపోతే మీరు ఒప్పుకున్నట్టే అనుకుంటాను’ అని మెయిల్ కొట్టి, మేనేజర్‌ని కాపీలో పెట్టండి. పరిగెత్తుకుంటూ వస్తారు.

కాకినాడ కాజా: నాకూ ఇదే సమస్య అండి. అప్రైజల్‌లో ‘నెక్స్ట్ సైకిల్‌లో తప్పకుండా కన్సిడర్ చేస్తాం’ అన్నారు. రెండు సైకిళ్లు అయిపోయాయి. ఇది నో కిందకే వస్తుందా? ఇంకో మాట, ఇలాంటి ఇంగ్లీషు మాటలు ఎలా వాడాలో నేర్పే కోర్సు ఏదైనా ఉంటే చెప్పండి.

పాత డెలివరీ మనిషి: కాజా గారూ, ఇక్కడ అడుగుతున్నది ఆ మాటలు వాడటం గురించి కాదు, అవతలివాళ్లు అంటే ఎలా అర్థం చేసుకోవాలని. మీ విషయానికి తర్వాత వస్తాను.

మెట్రో గారూ, ఆ రెండు మాటలూ ఒక గాటన కట్టకండి. తెలుగులో ‘చూస్తాను’కీ ‘చూద్దాం’కీ తేడా మనకు పుట్టుకతో తెలుసు. ‘చూస్తాను’ అన్న మనిషిని రేపు పట్టుకుని అడగొచ్చు. ‘చూద్దాం’లో ఎవరు చూడాలో లేదు. దానికి ‘లే’ తగిలించి ‘చూద్దాంలే’ అన్నారంటే మనం చెప్పులు వేసుకుని బయల్దేరతాం. ‘లెట్స్ సర్కిల్ బ్యాక్’ ఆ ‘చూద్దాం’ లాంటిదే. అదే మనిషి ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ ఆన్ థర్స్‌డే’ అని ఉంటే మనిషీ ఉన్నాడు, రోజూ ఉంది.

అయితే మాటను బట్టి మాత్రమే తేల్చకండి. మీటింగ్‌కి ఇక రెండు నిమిషాలే ఉన్నప్పుడు సర్కిల్ బ్యాక్ అంటే నిజంగానే టైమ్ లేదని అర్థం కావొచ్చు. అలాంటివాళ్లు ఒకటి రెండు రోజుల్లో వాళ్లే పలకరిస్తారు. మీకు ఎనిమిది రోజులైంది కదా, లీడ్ మాట నో వైపే మొగ్గింది.

ఇంకా గట్టి గుర్తు ఒకటుంది. చెయ్యాలనుకున్నవాడు తిరిగి ప్రశ్నలు అడుగుతాడు. తేదీ ఏ ఫార్మాట్‌లో కావాలి, పాత పాలసీలకి ఖాళీగా పంపొచ్చా, ఇలాంటివి. పని మొదలెట్టాలంటే అవి తెలియాలి కాబట్టి అడక్క తప్పదు. ఆ అబ్బాయి ఏమైనా అడిగాడా? జిరాలో టికెట్ ఉందా? ఉంటే ఏదైనా స్ప్రింట్‌లో ఉందా, బ్యాక్‌లాగ్‌లో పడి ఉందా?

మియాపూర్ మెట్రో: ఏమీ అడగలేదండి. టికెట్ నేనే పెట్టాను. బ్యాక్‌లాగ్‌లో ఉంది, ఎవరి పేరూ లేదు. వాళ్ల కొత్త స్ప్రింట్ 10 సోమవారం మొదలవుతుంది, రెండు వారాలు.

పాత డెలివరీ మనిషి: అయితే మీ గడువు 21 కాదు, 10. సోమవారం ప్లానింగ్‌లో ఆ టికెట్ ఎక్కకపోతే, తర్వాత వాళ్లు ఎంత తియ్యగా మాట్లాడినా 21 లోపు రాదు. ఇప్పుడు మీకు కావలసింది ‘అవును’ కాదు, సోమవారంలోగా ఏదో ఒకటి తేలడం.

ఉప్మా గారి మెయిల్ సగం మంచిదే, గడువు పెట్టడం వరకు. కానీ మీ మౌనమే అంగీకారం అంటే వాళ్ల నెత్తిన పని పడదు. 21న ఫీల్డ్ రాకపోతే ఆ మెయిల్ చూపించి ఏం చేస్తారు? మౌనానికి అర్థం మీ చేతిలో ఉన్న పని అయ్యేలా రాయాలి. ఇలా: ‘సోమవారం ప్లానింగ్ అయ్యేలోపు ఈ టికెట్ స్ప్రింట్‌లోకి రాకపోతే, 28 రిలీజ్ రెన్యువల్ తేదీ లేకుండా వెళ్తుందని క్లయింట్‌కి చెప్తాను. ఈసారి కుదరకపోయినా ఇబ్బంది లేదు, ముందే తెలిస్తే మేం స్క్రీన్ మార్చుకుంటాం.’ ఆ చివరి వాక్యం ముఖ్యం. చాలామంది నో చెప్పలేక నానుస్తారు. చెప్పినా గొడవ కాదని తెలిస్తే చెప్పేస్తారు.

ఆ అబ్బాయికి మాత్రం విడిగా చాట్‌లో పెట్టండి. లీడ్ ముందు అడగొద్దు. ‘చేస్తావా’ అనకుండా ‘కుదరదని నీకు ఎప్పటికి తెలుస్తుంది, ఏది అడ్డం వస్తోంది’ అని అడగండి.

ఇంతకీ క్లయింట్‌కి మీరేం చెప్పారు?

మియాపూర్ మెట్రో: అదే టెన్షన్. ‘వి విల్ ట్రై ఫర్ దిస్ రిలీజ్’ అని రాశాను.

డల్లాస్ చట్నీ: నేను క్లయింట్ వైపు ఉంటాను తల్లీ, అందుకే చెప్తున్నాను. మన దగ్గర ‘ట్రై చేస్తాం’ అంటే ‘కష్టమే, ఏమనుకోకండి’ అని. ఇక్కడి మా మేనేజర్ దాన్ని ‘కష్టపడి ఇస్తారు’ అని విని, పైవాళ్లకి స్లైడ్‌లో పెట్టేసుకుంటాడు. మన వాళ్లేమో చెప్పాం కదా అనుకుంటారు. నేను ఇద్దరి మధ్యా నలిగిపోతాను. ఈరోజే సరిచేసి రాయి.

పెసరట్టు ఉప్మా: మేనేజర్‌ని కాపీలో పెట్టడం మాత్రం తప్పు కాదు. పెట్టకపోతే మా దగ్గర ఒక్క పని కదలదు.

పాత డెలివరీ మనిషి: మీ దగ్గర కదలొచ్చు. మొదటి మెయిల్‌లోనే పెడితే ఆ లీడ్ తర్వాతి ఆరు నెలలూ జాగ్రత్తగా మాత్రమే మాట్లాడతాడని నా అనుభవం. ఇందులో మనిద్దరికీ కుదరదు, వదిలేద్దాం.

కాజా గారూ, మీరు కూడా తేదీ, అంకె అడగండి. ‘ఏ నెలలో నిర్ణయిస్తారు, అప్పటికి నా పనిలో ఏం కనిపించాలి’ అని. రెండో ప్రశ్నకి ‘ఇలాగే కంటిన్యూ చెయ్యండి’ అన్నారంటే మూడో సైకిల్ మీద కూడా ఆశ పెట్టుకోకండి.

కాకినాడ కాజా: సరిగ్గా అదే మాట అన్నారండి. ఇలాగే కంటిన్యూ చెయ్యమని.

మియాపూర్ మెట్రో: 10వ తేదీ రాత్రి రాస్తున్నాను. మెయిల్ పంపిన గంటకే లీడ్ నుంచి జవాబు: ‘నాట్ దిస్ స్ప్రింట్, ఎర్లియెస్ట్ నెక్స్ట్’. మర్యాదగానే రాశారు, కోపమేం లేదు. ఆశ్చర్యం ఆ అబ్బాయిది. కుదరదని ఎప్పుడు తెలుస్తుందని అడిగితే, ఇప్పటికే సగం రాశాడట. పాత పాలసీలకి తేదీ లేకపోతే ఖాళీ పంపాలా, ఫీల్డే తీసెయ్యాలా అని శుక్రవారం అడిగాడు. లీడ్ కాదన్నాక ఆపేశాడు. విల్ ట్రై నిజమే అన్నమాట, కానీ నిర్ణయం అతని చేతిలో లేదు.

క్లయింట్‌కి 28న రెన్యువల్ తేదీ ఉండదని రాశాను. ‘నోటెడ్, లెట్స్ సర్కిల్ బ్యాక్’ అని వచ్చింది. కాకపోతే గురువారం సాయంత్రం కాల్‌కి ఇన్వైట్ కూడా వెంటనే వచ్చింది.

ఇంకో సందేహం. ఆ సగం రాసిన కోడ్ సంగతి లీడ్‌కి చెప్తే టికెట్ తర్వాతి స్ప్రింట్‌లో ఎక్కడం తేలిక. కానీ అడక్కుండా ఎందుకు మొదలెట్టావని ఆ అబ్బాయిని అంటారేమో. చెప్పాలా, ఊరుకోవాలా?

డల్లాస్ చట్నీ: ముందు ఆ అబ్బాయినే అడుగు తల్లీ. వాడి కోడ్ కదా.