ఖాతా ఫొటోలు షీట్‌లోకి: ఎడమవైపు అంకె క్రెడిటా, డెబిటా?

వన్‌టౌన్_వాసు: కిరాణా కొట్టు పుస్తకం ఫొటోలు చూసి టైప్ చేస్తున్నా. కాలమ్స్ తేదీ, సరుకు, క్రెడిట్, డెబిట్. పేజీలో ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు అని ఉంది. ఎడమది దేన్లో వెయ్యాలి?

అరండల్‌పేట_రావు: ఎడమంటే డెబిట్. బీకాం మొదటి పాఠం. డబ్బు లోపలికొచ్చిందా, డెబిట్.

లెక్కల_సీత: రావుగారూ, అది ఇంగ్లిషు పద్ధతి పుస్తకానికి. మన పాత పద్ధతిలో ఎడమవైపు జమ రాస్తారు. ఖాతాదారు కట్టిన డబ్బు జమ, అంటే అతని ఖాతాలో క్రెడిట్. తీసుకెళ్లిన సరుకు డెబిట్. వాసూ, పక్క చూసి కాదు, వరసలోని మాట చూసి వెయ్యండి.

పాత బాకీ 4,350 అనుకోండి. 5న బియ్యం 1,400, 9న నగదు జమ 2,000, 12న నూనె డబ్బా 1,850. చివరి బాకీ 5,600 రావాలి. C క్రెడిట్, D డెబిట్. E2లో పాత బాకీ పెట్టి E3లో ఇది కొట్టి కిందికి లాగండి:

```
=E2+D3-C3
```

కృష్ణలంక_టైపింగ్: పేజీకింత అని ఇస్తారు, ఈ అదనపు కాలమ్‌కి ఎవరిస్తారండీ? కనిపించింది కనిపించినట్టు కొట్టడమే. పోయిన నెల కొట్టాయన కూడికలో తప్పుంటే అది మా మీద వేసి డబ్బు కోశారు.

లెక్కల_సీత: ఆ కాలమ్ ఉంటేనే తప్పు ఎవరిదో తేలేది. ఆ 2,000 పొరపాటున డెబిట్‌లో పడితే బాకీ 9,600 చూపిస్తుంది. తేడా 4,000, అందులో సగం 2,000. ఆ అంకె ఉన్న వరస పట్టుకుంటే చాలు. 1,850 బదులు 1,580 కొడితే తేడా 270. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోయిందంటే ముందు అంకెలు తారుమారయ్యాయేమో చూడండి. ఏదీ కాకపోతే కొట్టాయన కూడికే తప్పు కావచ్చు. దాన్ని దిద్దకండి, పక్కన రాసి పంపండి.

బ్రాడీపేట_బుజ్జి: 9/6 కొడితే సెప్టెంబరు 6 అయింది. 13/6 మాత్రం ఎడమకి అతుక్కుపోయింది!

లెక్కల_సీత: రెండోది తేదీ కాలేదు, అక్షరాలుగా ఉండిపోయింది. గూగుల్ షీట్‌లో File > Settings > Locale కి వెళ్లి India పెట్టండి. ఇప్పటికే మారినవి మళ్లీ చేత్తో కొట్టాల్సిందే.

అరండల్‌పేట_రావు: తేదీల సంగతి పక్కన పెట్టండి. నగదు పుస్తకంలో వచ్చిన డబ్బు డెబిట్ అవునా కాదా? ఒక్క మాట చెప్పండి!

లెక్కల_సీత: అవును, నగదు ఖాతాకి డెబిటే. నేను మొదటి నుంచీ మాట్లాడుతున్నది మనిషి ఖాతా గురించి. వాసూ, పేజీ పైన పేరుందా?

వన్‌టౌన్_వాసు: లేదండి. పైన తేదీ ఒక్కటే. పేర్లు వరసల్లో ఉన్నాయి.

లెక్కల_సీత: అయ్యో, అయితే అది రోజు చిట్టా! జమ వరసలో ఉన్న మనిషికి క్రెడిట్, గల్లాపెట్టెకి డెబిట్. పని ఇచ్చినవాళ్లకి ఎవరి లెక్క కావాలో అడగండి. పేరుకి ఇంకో కాలమ్ కూడా అడగండి.

అరండల్‌పేట_రావు: చూశారా, డెబిట్ అన్నానా లేదా!

కృష్ణలంక_టైపింగ్: ఇంకో కాలమా? రేటు మాట్లాడి మొదలెట్టు తమ్ముడూ.