గుడ్ ఫ్రైడే నాడు పక్కింటి క్రైస్తవులను ఎలా పలకరించాలి?

గుంటూరులో మా అపార్ట్‌మెంట్‌లో ఎదురు ఫ్లాట్ వాళ్లు లూథరన్లు. గుడ్ ఫ్రైడే యేసు సిలువ మరణాన్ని తలచుకునే రోజు కాబట్టి 'హ్యాపీ' అనకూడదని తెలుసు. కానీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏటా ఎవరో ఒకరు పూలబొకే బొమ్మతో 'హ్యాపీ గుడ్ ఫ్రైడే' పెట్టేస్తారు, వాళ్లేమో మర్యాదకి ఊరుకుంటారు. మధ్యాహ్నం, యేసు సిలువపై పలికిన ఏడు మాటల ఆరాధనకు తెల్లబట్టల్లో వెళ్తూ లిఫ్టు దగ్గర ఎదురైతే, చేతులు జోడించి 'వందనాలండీ' అని ఊరుకుంటే సరిపోతుందా? ఆరాధన ఎలా జరిగిందని సాయంత్రం అడగొచ్చా?

ఆదివారం 'ఈస్టర్ శుభాకాంక్షలు' అంటాం, అందులో ఇబ్బంది లేదు. 'క్రీస్తు లేచెను' అని వాళ్లంటే 'నిజముగా లేచెను' అని బదులివ్వడం వాళ్ల ఆనవాయితీ. అది విశ్వాసంతో చెప్పే మాట కదా, హిందువులం మేమంటే నటనలా ఉంటుందేమో. 'మీకు శుభాకాంక్షలండీ' అంటే చాలా?

ఇంకొకటి. స్వీట్లు ఇవ్వాలనుంది. నైవేద్యం పెట్టినవి చాలామంది తినరు కాబట్టి విడిగా చేసిన సున్నుండలు ఇస్తాం. 'దేవుడికి పెట్టలేదండీ' అని ముందే చెప్పాలా, చెబితే ఎత్తిపొడిచినట్టుంటుందా? శుక్రవారం ఉపవాసం ఉంటారేమోనని ఆదివారం ఇద్దామనుకుంటున్నాం. తెలిసినవాళ్లు చెప్పండి.