1440 ఆర్‌పీఎంని రేడియన్లలోకి మార్చాల్సిందేనా?

డిప్లొమా మెకానికల్, రెండో ఏడాది:
మోటార్ షాఫ్ట్‌కి బిగించిన ఫ్లైవీల్ 1440 ఆర్‌పీఎంతో తిరుగుతోంది. దాని జడత్వ భ్రామకం 0.5 kg·m². కరెంటు ఆపి బ్రేక్ వేస్తే ఒకే రేటుతో తగ్గుతూ 10 సెకన్లలో ఆగింది. బ్రేక్ టార్క్ ఎంత, ఆగేలోపు ఎన్ని చుట్లు తిరిగింది అని ప్రశ్న. చుట్లు ఆర్‌పీఎంలోనే చేస్తే 120 వచ్చింది, అది కరెక్టే. టార్క్ కూడా అలాగే చేస్తే 72 వచ్చింది, పుస్తకం వెనక 7.54 ఉంది. ఆ భాగానికి మాకు సున్నా వేశారు. ఒకచోట మార్చకపోయినా వచ్చిన జవాబు ఇంకోచోట ఎందుకు రాలేదు? రేడియన్ నిజంగా అవసరమా, లేక సార్ల పట్టుదలా?

బీటెక్ ఫైనలియర్:
పట్టుదలే ఎక్కువ తమ్ముడూ. చుట్లు లెక్కపెట్టడానికి రేడియన్‌తో పని లేదు. 1440 నుంచి సున్నాకి సమంగా తగ్గింది కాబట్టి సగటు 720. పది సెకన్లంటే నిమిషంలో ఆరో వంతు, 720లో ఆరో వంతు 120. పుల్లీలు, గేర్ రేషియోలు కూడా అంతే, రెండు వైపులా ఆర్‌పీఎం ఉంటే కొట్టుకుపోతుంది. నీ టార్క్ లెక్కలో పోయిందల్లా నిమిషమే. నీ 72ని 60తో భాగించు, సరిపోతుంది.

డిప్లొమా మెకానికల్, రెండో ఏడాది:
అన్నా, 60తో భాగిస్తే 1.2 వస్తోంది. అదీ 7.54 కాదు.

ఇంటర్ ఎంపీసీ:
నాకూ ఇలాగే అయ్యేది. కాలిక్యులేటర్ DEG మోడ్‌లో ఉండి ఉంటుంది. RAD మోడ్‌లో పెట్టి మళ్ళీ చేసి చూడండి.

డిప్లొమా మెకానికల్, రెండో ఏడాది:
పెట్టి చూశాను. మళ్ళీ 72 వస్తోంది.

రిటైర్డ్ లెక్చరర్, అప్లయిడ్ మెకానిక్స్:
బాబూ, ముందు కాలిక్యులేటర్ సంగతి చెప్పేస్తాను. ఆ మోడ్ sin, cos లాంటివి నొక్కినప్పుడే పని చేస్తుంది. నువ్వు కొట్టిన గుణకారం, భాగహారం దానికి కోణంలా కనిపించవు, వట్టి సంఖ్యలుగానే చేస్తుంది. అదే 1440 ఆర్‌పీఎం క్రాంక్ 0.01 సెకనులో ఎక్కడికి చేరిందో కావాలంటే cos(ωt) నొక్కాలి. అప్పుడు లోపల 1.508 ఉంటుంది. RAD లో 0.063 వస్తుంది, DEG లో దాదాపు 1 వస్తుంది. క్రాంక్ దాదాపు 86 డిగ్రీలు తిరిగితే, అసలు కదల్లేదని DEG చెబుతుందన్నమాట. ఇంటర్ విద్యార్థి చెప్పిన జాగ్రత్త అక్కడికి పనికొస్తుంది, ఈ లెక్కకి కాదు.

ఇక అసలు విషయం. రేడియన్ అనే మాట పక్కన పెట్టి ఇదే లెక్క చేద్దాం. జడత్వ భ్రామకం 0.5 అంటే, ఇరుసుకి సరిగ్గా ఒక మీటరు దూరంలో అర కిలో బరువు కట్టి తిప్పుతున్నట్టు ఊహించుకోవచ్చు. 1440 ఆర్‌పీఎం అంటే సెకనుకి 24 చుట్లు. మీటరు వ్యాసార్థం మీద ఒక చుట్టు అంటే ఆ అర కిలో 6.283 మీటర్లు ప్రయాణిస్తుంది. 24 చుట్లకి సెకనుకి 150.8 మీటర్లు. ఆ వేగం పది సెకన్లలో సున్నా కావాలంటే ప్రతి సెకనూ 15.08 చొప్పున తగ్గాలి. అర కిలోని అలా ఆపడానికి 7.54 న్యూటన్లు కావాలి. ఆ బలం మీటరు దూరంలో పని చేస్తోంది కాబట్టి టార్క్ 7.54 న్యూటన్-మీటర్లు. పుస్తకంలో ఉన్నది ఇదే.

నీ 72, నీ మిత్రుడి 1.2 ఎక్కడ తప్పాయో ఇప్పుడు కనిపిస్తుంది. న్యూటన్ లోపల సెకను ఉంది, మీటరు ఉంది. నిమిషం లేదు, చుట్టు లేదు. 60తో భాగించినప్పుడు నిమిషం సెకను అయింది, కానీ చుట్టు చుట్టుగానే మిగిలిపోయింది. 1.2ని 6.283తో గుణించు, 7.54 వస్తుంది. రేడియన్లలో చెప్పిన వేగమంటే మీటరు వ్యాసార్థంలో ఉన్న బిందువు సెకనుకి ఎన్ని మీటర్లు పోతోందో ఆ సంఖ్యే. చుట్లు అడిగినప్పుడు మీటర్లతో పని లేదు, అందుకే నీ 120 తప్పలేదు.

బీటెక్ ఫైనలియర్:
2π మర్చిపోయాను సార్, ఒప్పుకుంటున్నాను. కానీ నా వాదన ఇంకా నిలుస్తుంది. లెక్కంతా ఆర్‌పీఎంలో చేసి, చివర్లో 0.1047తో ఒక్కసారి గుణిస్తే సరిపోతుంది కదా? 72ని గుణించి చూడండి, 7.54 వస్తోంది. ప్రతి స్టెప్‌లో దశాంశాలు మోయడం ఎందుకు?

రిటైర్డ్ లెక్చరర్, అప్లయిడ్ మెకానిక్స్:
టార్క్ వరకు వస్తుంది, ఎందుకంటే అందులో వేగం ఒక్కసారే వచ్చింది. ఇదే ప్రశ్నకి మూడో భాగం చేర్చి, బ్రేక్‌లో వేడిగా మారిన శక్తి ఎంత అని అడిగానుకో. ½Iω² లో వేగం వర్గంలో ఉంది. ఆర్‌పీఎం పెడితే 5,18,400 వస్తుంది. చివర్లో ఒక్కసారి గుణిస్తే సుమారు 54,300 జౌళ్ళు. అసలు జవాబు 5,685. రెండుసార్లు గుణించాలి, ఆ మాట పరీక్ష హాలు టెన్షన్‌లో గుర్తుండదు. నేను దిద్దిన పేపర్లలో ఈ తప్పు చాలా చూశాను. అందుకే మొదటి గీతలోనే మార్చమంటాను.

దశాంశాల బాధ పోవాలంటే π ని విడదీయకుండా ఉంచండి.

```
ω = 2π × 1440 / 60 = 48π rad/s
α = 48π / 10 = 4.8π rad/s²
T = 0.5 × 4.8π = 2.4π = 7.54 N·m
θ = ½ × 48π × 10 = 240π rad = 120 చుట్లు
```

శక్తి 576π² అవుతుంది, అంటే 5,685. సరిచూసుకోవడానికి టార్క్‌ని కోణంతో గుణించండి. 2.4π × 240π కూడా 576π² నే. అదే టార్క్‌ని 120 చుట్లతో గుణిస్తే 905 వస్తుంది, శక్తితో కలవదు. ఇలా రెండు దారుల్లో వచ్చినవి కలవకపోతే, మధ్యలో ఎక్కడో చుట్టు రేడియన్ కాకుండా దాటిపోయిందని తెలుసుకోవచ్చు.

మోటార్ రివైండింగ్ షాపు:
నమస్కారం అందరికీ. పదిహేనేళ్ళుగా మోటార్లు విప్పి చుడుతున్నాను, రేడియన్ అవసరం ఎప్పుడూ రాలేదు. 5 హెచ్‌పీ మోటార్ అంటే 3.7 కిలోవాట్లు. 9550ని దాంతో గుణించి 1440తో భాగిస్తే 24.5 న్యూటన్-మీటర్లు. ఇంకో సంగతి, మీరంతా 1440 పట్టుకుని లెక్కలు వేస్తున్నారు గానీ, రివైండింగ్ అయ్యాక ఖాళీగా తిప్పి టాకోమీటర్ పెడితే 1490 దాకా చూపిస్తుంది. మొదటి సంఖ్యే తప్పయినప్పుడు రేడియన్లలోకి మార్చి లాభమేంటి?

రిటైర్డ్ లెక్చరర్, అప్లయిడ్ మెకానిక్స్:
మీ టాకోమీటర్‌దీ తప్పు కాదు, నేమ్‌ప్లేట్‌దీ తప్పు కాదండి. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నాలుగు పోళ్ళ మోటార్‌లో అయస్కాంత క్షేత్రం 1500 ఆర్‌పీఎంతో తిరుగుతుంది. రోటర్ దానికంటే కాస్త వెనకబడి తిరుగుతుంది, లోడ్ పెరిగేకొద్దీ ఇంకా వెనకబడుతుంది. ప్లేట్ మీద 1440 పూర్తి లోడ్‌కి రాసింది, మీరు చూసే 1490 ఖాళీగా తిరిగేటప్పటిది. ఈ ప్రశ్నలో 1440 అని ఇచ్చేశారు కాబట్టి అదే తీసుకోవాలి. 1490 తీసుకున్నా టార్క్ మూడు, నాలుగు శాతమే మారుతుంది. మార్చడం మరిచిపోతే మాత్రం జవాబు తొమ్మిదిన్నర రెట్లు పోతుంది.

ఇక 9550 విషయానికొస్తే, మీరు రేడియన్ వాడుతూనే ఉన్నారు. 60ని 2π తో భాగిస్తే 9.549. కిలోవాట్‌ని వాట్‌గా మార్చే వెయ్యి కలిపితే 9549, దాన్నే సర్దుబాటుగా 9550 అంటారు. అందులో కిలోవాట్లే వేయాలి. పొరపాటున 5 హెచ్‌పీని అలాగే పెడితే 33 వస్తుంది. ఆ సంఖ్య చూడ్డానికి అనుమానం రాదు, షాఫ్ట్ సైజు కూడా దాన్ని బట్టే ఎంచుకుంటారు.

మోటార్ రివైండింగ్ షాపు:
ఆ 33 మా కుర్రాడు ఒకసారి వేశాడు సార్. కప్లింగ్ పెద్దది తెచ్చాడు. ఎందుకలా వచ్చిందో మాకు అప్పుడు తెలియలేదు.

ఎమ్మెస్సీ ఫిజిక్స్:
ఇక్కడ ఒక విషయం ఎవరూ అడగలేదు. యూనిట్లు సరిచూసుకుంటే తప్పు దొరుకుతుందని చిన్నప్పటి నుంచి చెప్పారు. ఈ లెక్కలో దొరకదు. సెకనుకి చుట్లయినా, సెకనుకి రేడియన్లయినా యూనిట్‌గా చూస్తే సెకనుకి ఇంత అనే మిగులుతుంది. అందుకే 1.2 కి కూడా న్యూటన్-మీటర్లు అని హాయిగా రాసేయొచ్చు. ఈ కుర్రాడికి వచ్చిన ఇబ్బంది అతని అజాగ్రత్త ఒక్కటే కాదు, యూనిట్ల వ్యవస్థలోనే ఉంది. రేడియన్‌కి సొంత యూనిట్‌గా గుర్తింపు ఇస్తే ఇలాంటి తప్పు కాగితం మీదే పట్టుబడుతుంది.

రిటైర్డ్ లెక్చరర్, అప్లయిడ్ మెకానిక్స్:
మీ ఆవేదన అర్థమైంది. 1995 వరకు ఎస్ఐలో రేడియన్‌కి అనుబంధ యూనిట్ అనే వేరే తరగతి ఉండేది, ఆ తర్వాత దాన్ని తీసేశారు. ఇప్పుడది మీటరుని మీటరుతో భాగించిన సంఖ్య మాత్రమే. మీరన్నట్టు దానికి యూనిట్ ఇస్తే టార్క్‌ని రేడియన్‌కి ఇన్ని జౌళ్ళు అని రాయాలి, s = rθ లాంటి ప్రతి సూత్రంలోనూ ఇంకో స్థిరాంకం వచ్చి చేరుతుంది. పిల్లలకి అది ఇంకా బరువని నా అభిప్రాయం.

ఎమ్మెస్సీ ఫిజిక్స్:
ఒక స్థిరాంకం మోయడం కంటే ఆరు రెట్ల తప్పు కనబడకుండా పోవడమే నాకు పెద్ద బరువు సార్. ఇక్కడ మీతో ఏకీభవించలేను.

డిప్లొమా మెకానికల్, రెండో ఏడాది:
తర్వాతి లెక్క 48π లాగే చేశాను. 960 ఆర్‌పీఎం ఇచ్చారు, 32π వచ్చింది, శక్తి, టార్క్ రెండు దారుల్లోనూ కలిశాయి. కానీ సున్నా వేయడం మాత్రం న్యాయమా సార్? టార్క్ Iα అని రాశాను, సంఖ్యలు కూడా పెట్టాను. మార్చడం ఒక్కటే పోయింది.

బీటెక్ ఫైనలియర్:
న్యాయం కాదు. సూత్రానికీ పద్ధతికీ సగం మార్కులైనా రావాలి. రీవాల్యుయేషన్‌కి పెట్టు.

రిటైర్డ్ లెక్చరర్, అప్లయిడ్ మెకానిక్స్:
నేనైతే సూత్రానికి మార్కులు ఇచ్చేవాణ్ణి, సున్నా వేసేవాణ్ణి కాదు. కానీ 72 పక్కన న్యూటన్-మీటర్లు అని రాసి ఉంటే ఆ స్టెప్‌కి మార్కు కోసేవాణ్ణి. నువ్వు ఏ యూనిట్ రాశావో చెప్పు.

డిప్లొమా మెకానికల్, రెండో ఏడాది:
న్యూటన్-మీటర్లు అనే రాశాను సార్.