గ్రేడియంట్‌లో ఘోస్ట్ పీక్: కాలువ కట్టేసినప్పటి నుంచీ

కాకినాడ_క్యూసీ: హెచ్‌పీఎల్‌సీలో 215 నానోమీటర్ల దగ్గర రన్. 'ఏ' సీసాలో నీళ్లు, 'బీ'లో అసిటోనైట్రైల్, రెండింట్లోనూ 0.1 శాతం టీఎఫ్ఏ. బీ 5 నుంచి 95 శాతానికి 25 నిమిషాలు. బేస్‌లైన్ పైకి పాకుతోంది. బ్లాంక్‌లోనే 14, 18.5 నిమిషాలకు పీకులు. కాలమ్ మార్చినా అవే.

తణుకు_శ్రీను: టీఎఫ్ఏ అండి, రెండూ దానివల్లే. బీలో 0.085 పెట్టండి, అయిపోతుంది.

పాత_కెమిస్ట్: శ్రీను గారూ, డ్రిఫ్ట్ వరకే మీ మాట ఒప్పు. అసిటోనైట్రైల్ పెరిగేకొద్దీ టీఎఫ్ఏ శోషణ మారుతుంది కాబట్టి బీలో తగ్గిస్తాం. ఎంత తగ్గించాలో డిటెక్టర్‌ను బట్టి చూసుకోవాలి. కానీ టీఎఫ్ఏ తగ్గిస్తే పీకు పోదు. తమ్ముడూ, ఇంజెక్షన్ లేకుండా రెండు రన్లు చెయ్యి. ఈక్విలిబ్రేషన్ ఒకసారి 10 నిమిషాలు, ఇంకోసారి 30.

భీమవరం_రొయ్య: నాకు ఐసోక్రాటిక్‌లో వస్తోందండి, ముందు శాంపిల్‌ది తర్వాతి రన్‌లో దిగుతోంది...

పాత_కెమిస్ట్: అది వేరే కథ బాబూ. రన్ టైమ్ రెట్టింపు చేసి చూడు.

కాకినాడ_క్యూసీ: చేశాను సార్. 14 నిమిషాల పీకు సైజు 9 నుంచి 21కి పెరిగింది. 18.5ది మారలేదు.

పాత_కెమిస్ట్: అయితే 14ది 'ఏ' సీసాలోంచే. నీళ్లలోని మురికి తక్కువ ఆర్గానిక్‌లో కాలమ్ మొదట్లో పోగుపడి, గ్రేడియంట్ ఎక్కగానే ఒక్కసారి దిగుతోంది. గ్రేడియంట్ మొదటి నిమిషాల్లోనూ నీళ్లే పోతాయిగా, అందుకే సరిగ్గా మూడింతలు కాలేదు. సీసా సబ్బుతో కడుగుతారా?

అమలాపురం_ల్యాబ్: ఇరవై ఏళ్లుగా సబ్బుతోనే కడుగుతున్నాం, ఏ పీకూ రాలేదు!

పాత_కెమిస్ట్: మీరు 254లో చూస్తారు కాబట్టి రాలేదు. 215కి రండి, కనిపిస్తుంది.

అమలాపురం_ల్యాబ్: నేనేం చూస్తానో మీకెలా తెలుసు? అన్నీ మీకే తెలిసినట్టు మాట్లాడకండి.

తణుకు_శ్రీను: సీసా గొడవ ఆపండి బాబూ. వేసవిలో కాలువ కట్టేశాక మాకు చెరువు నీళ్లే. ప్యూరిఫయర్‌లో టీఓసీ పెరుగుతుంది, కార్ట్‌రిడ్జ్ తొందరగా పోతుంది. రెసిస్టివిటీ మాత్రం 18.2 చూపిస్తూనే ఉంటుంది. ఛార్జ్ లేని ఆర్గానిక్‌ను ఆ మీటర్ పట్టుకోలేదు.

పాత_కెమిస్ట్: ఇది నిజం, అసలు మాట ఇదే. కొత్తగా తెరిచిన గ్రేడియంట్ గ్రేడ్ నీళ్ల సీసాతో అదే 30 నిమిషాల రన్ చెయ్యి. సీసా, ఫిల్టర్ కూడా కొత్తవే పెట్టు.

కాకినాడ_క్యూసీ: సీసా నీళ్లతో 14ది దాదాపు పోయింది, 2కి పడింది. కార్ట్‌రిడ్జ్ మార్పించాం. 18.5ది ఇంకా ఉంది.

పాత_కెమిస్ట్: అది నీళ్లది కాదు. ఒక రన్ ఇంజెక్టర్ వాల్వ్ తిరగకుండా, ఇంకొకటి వాల్వ్ తిరిగేలా చెయ్యి. రెండోదాంట్లో మాత్రమే పెరిగితే నీడిల్ సీల్, రోటర్ చూడు.

కాకినాడ_క్యూసీ: రెండింట్లోనూ ఒకేలా ఉంది సార్.

తణుకు_శ్రీను: అయితే బీ సీసా లాటు మార్చండి.

అమలాపురం_ల్యాబ్: లేదా మిక్సర్. ముందు మిక్సర్ విప్పండి.