వాయిస్ మెమోలో "కాదు" వస్తే ఏది కొట్టేయాలి?

హాలియా నుంచి: మా నాన్న వరి పొలం సంగతులు ఫోన్‌లో మాట్లాడి పంపుతాడు, నేను నోట్‌బుక్‌లో శుభ్రంగా ఎక్కిస్తాను. నిన్న ఫోన్ టైప్ చేసింది ఇది:

"మూడెకరాలకు పొటాష్ అరవై కిలోలు కామా కాదు నలభై ఐదు కిలోలు ఫుల్‌స్టాప్ సారు యూరియా కాదు పొటాష్ ఏయమన్నడు ఫుల్‌స్టాప్ కలుపుకు పది పన్నెండు మంది బుధవారం లేకుంటే గురువారం వస్తరు ఫుల్‌స్టాప్"

ఇందులో ఏవి తీసేయాలి?

మిర్యాలగూడ డీటీపీ అన్న: సింపుల్. "కాదు"కు ముందున్న మాట కొట్టేసి, తర్వాతది ఉంచాలి. 60 పోయింది, యూరియా పోయింది.

పాలమూరు తెలుగు టీచర్: మొదటిది సరే తమ్ముడూ, రెండోది కొట్టేస్తే నష్టం. "కాదు" తర్వాత ఏమొచ్చిందో చూడాలి. మొదటి వాక్యంలో "కామా కాదు" అని వినిపించినా తర్వాత వచ్చింది ఇంకో కిలోల లెక్క, అంటే ఆయన దిద్దుకున్నది అంకెనే. "కామా కాదు ఫుల్‌స్టాప్" అని ఉంటే దిద్దుకున్నది కామాను.

రెండో "కాదు" దిద్దుబాటు కాకపోవచ్చు. యూరియా వద్దు, పొటాష్ వేయండి అని సారు చెప్పిన మాటే అది. యూరియా తీసేస్తే "పొటాష్ వేయమన్నాడు" అని మిగులుతుంది, మీరు రెండూ కలిపి చల్లేస్తారు. ఇక "లేకుంటే" దిద్దుబాటు కానే కాదు, రెండు రోజులూ ఉండాలి.

దేవరకొండ అక్క: మా ఫోన్‌లో కామా అంటే గుర్తు పడదు, "కామా" అనే అక్షరాలే పడతాయి. సెట్టింగ్ ఏదైనా ఉందా?

టీచర్: అక్కా, మీకు అక్షరాలుగా పడితే చివర్లో వెతికి మార్చుకోవచ్చు. కానీ ఒక్కొక్కటి చూసి మార్చండి. "పాంప్లెట్‌లో పేరు తర్వాత కామా పెట్టమను" అని ఉంటే ఆ కామా మాటగానే ఉండాలి.

డీటీపీ అన్న: మరి "పది పన్నెండు"? పది అని, వెంటనే పన్నెండని దిద్దుకున్నాడేమో. 12 మందికి కూలి సర్దాలి కదా.

టీచర్: మన మాటలో పది పన్నెండు అంటే ఉజ్జాయింపు. అయితే మధ్యలో ఆగి ఉంటే మీరన్నదీ కావచ్చు. ఆ ఆగడం టైపులో పడదు, రికార్డింగ్ వినాలి.

హాలియా నుంచి: విన్నాను. ఆగలేదు, గుక్కలో అనేశాడు. యూరియా సంగతి నాన్ననే అడిగాను, వద్దన్నది సారేనట. ఇలా రాశాను:

పొటాష్: 3 ఎకరాలకు 45 కిలోలు. యూరియా వేయవద్దని, పొటాష్ వేయమని సారు చెప్పారు.
కలుపు: 10–12 మంది, బుధవారం లేదా గురువారం.

డీటీపీ అన్న: 10–12 చూస్తే కచ్చితమైన హద్దులా ఉంది. "పది పన్నెండు మంది" అని అక్షరాల్లోనే ఉంచు.

టీచర్: నోట్‌బుక్‌లో అంకెలే కంటికి దొరుకుతాయి. "సుమారు" చేర్చితే సరిపోతుంది.

డీటీపీ అన్న: ఆయన అనని మాట మనమెట్ల చేరుస్తాం సార్?