తంబురా పక్కన కీబోర్డు గాంధారం ఊగుతోంది, ఏం చేయాలి?

తిరుచానూరు_కీస్: అన్నమయ్య కీర్తనలకు శ్రుతి ఒకటి. తంబురా పెట్టె, కీబోర్డు రెండూ సి మీదే. సా, పా బాగున్నాయి. శంకరాభరణంలో గాంధారం మీద నిలబడితే మాత్రం వావావా అని ఊగుతోంది. పెట్టె మార్చాలా? ఏది కొనాలి?

తీగ_చెవి: పెట్టె తప్పు కాదు. మంద్ర సా తీగ 130.8 హెర్ట్జ్‌లో మోగుతుంటే దాని ఐదో హార్మోనిక్ 654 దగ్గర పలుకుతుంది. తంబురాలో తనంతట తాను వినిపించే గాంధారం అదే. కీబోర్డు ఇ 329.6, దాని రెట్టింపు 659.3. తేడా సెకనుకు ఐదు ఊపులు. పంచమంలో ఒక్క ఊపుకు రెండు సెకన్లు దాటుతుంది, అందుకే చెవికి పట్టదు. స్కేల్ ట్యూన్‌లో ఇ ఒక్కదాన్ని 14 సెంట్లు దించు.

నాదం22: ఈ 14 యాడిది సామీ? స్థాయికి 22 శ్రుతులు. స్థాయిలోని 1200 సెంట్లను 22తో భాగించు, ఒక్కోటి 54న్నర. అంతర గాంధారం ఏడో శ్రుతి, 382. సహజమైనది 386. సరిపోయింది కదా!

తీగ_చెవి: గాంధారం దగ్గర అదృష్టం కలిసొచ్చింది. పంచమం 13వ శ్రుతి, నీ లెక్కలో 709. తంబురా పా 702. కీబోర్డు 700 దానికన్నా నయం. సమానంగా కోశాక 12 అయినా 22 అయినా జబ్బు ఒకటే.

నాదం22: భరతుడికి లెక్క రాదంటావా? ఇరవై ఏళ్ల సాధన మాది.

తీగ_చెవి: ఆయన రెండు వీణలు పెట్టి, ఒకదాన్ని కదపకుండా, రెండోదాన్ని దించుతూ చూపించాడు. సెంట్లు చెప్పలేదు. నీ 54న్నర నీదే.

భజన_పెట్టె: గొడవ ఆపండప్పా. హార్మోనియంలో ఆ గాంధారం దించాలంటే రీడు ఎటు గీకాలి?

రీడు_పని: రివిట్ దగ్గర గీకితే దిగుతుంది, కొనలో గీకితే ఎక్కుతుంది. ఒక్కో గీతకూ వాయించి చూడు, ఎక్కువ గీకితే రీడు పలచబడి విరుగుతుంది. ఇంకోటి, రేపు రెండు శ్రుతికి, అంటే డి మీద పాడితే ఆ ఇ చతుశ్రుతి రిషభం అవుతుంది. 204 ఉండాల్సింది 186కి పడిపోతుంది. ఒకే శ్రుతికి పాడే పెట్టెకే ఈ పని.

గమకప్రియ: ఈ సెంట్ల గోలంతా నిలిచే స్వరాలకే. తోడి గాంధారం నిలిస్తేగా! అది రి, మ నడుమ ఊగుతుంది. పిచ్ బెండ్ రెండు మెట్లకు పెట్టి చక్రం తిప్పండి, చాలు.

నాదం22: చక్రం తిప్పితే తోడి వస్తుందా! హవ్వ.

తిరుచానూరు_కీస్: 14 దించాను, తీగ_చెవి అన్నా. తంబురాతో ఊపు ఆగింది. ఇప్పుడు పక్కన గిటారు అదే ఇ మీటితే దాంతో కొట్టుకుంటోంది.

రీడు_పని: గిటారు మెట్లు కదలవు. పాట గాంధారం మీద నిలిచే చోట గిటారును ఆపమను. శ్రుతి మార్చేటప్పుడు ట్రాన్స్‌పోజ్ నొక్కితే ఆ 14 కూడా జరుగుతుందో లేదో తంబురా పెట్టి విను. అన్ని కీబోర్డులూ ఒకలా చేయవు.

భజన_పెట్టె: ఇంతకీ తంబురా పెట్టె ఏది కొనాలో ఎవరూ చెప్పలా.