360 భాజకాలు: సూత్రంతో 6 వస్తున్నాయి, చేత్తో లెక్కపెడితే 24. తేడా ఎక్కడ?

శ్రావణి:
అందరికీ నమస్కారం. భాజకాలు ఎన్నో కనుక్కోవడానికి మాకు చెప్పిన పద్ధతి ఇది: సంఖ్యను ఘాతాలుగా విడగొట్టి, ఒక్కో ఘాతాంకానికి 1 కలిపి, వచ్చినవన్నీ గుణించడం. 360 తీసుకున్నాను. 360 = 6² × 10. ఘాతాంకాలు 2, 1 కాబట్టి (2+1)(1+1) = 6. చేత్తో రాసి చూద్దామని కూర్చుంటే 1, 2, 3, 4, 5, 6, 8, 9, 10 దగ్గరే తొమ్మిది అయిపోయాయి! చివరికి 24 తేలాయి. భాజకాల మొత్తానికి కూడా ఒక సూత్రం ఉందట. రెండిటికీ రుజువు ఎవరైనా విప్పి చెబుతారా? బట్టీ పట్టడం నా వల్ల కావట్లేదు.

కిరణ్:
6, 10 ప్రధాన సంఖ్యలు కావు కదా, అక్కడే పోయింది. 360 = 2³ × 3² × 5 అని రాస్తే 4 × 3 × 2 = 24. అయినా అంత దూరం వెళ్లక్కర్లేదు. నేనైతే సంఖ్యను రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఎన్ని భాజకాలో చూసి గుణించేస్తాను. 72 = 8 × 9. 8కి నాలుగు, 9కి మూడు, మొత్తం 12. ఇంతవరకూ ఎప్పుడూ తేడా రాలేదు.

శ్రావణి:
మీరు చెప్పినట్టే 360 = 12 × 30 అని చేశానండీ. 12కి 6 భాజకాలు, 30కి 8. గుణిస్తే 48. ఇందాక తక్కువొచ్చింది, ఇప్పుడు రెట్టింపయింది.

రమణమూర్తి:
అమ్మా శ్రావణీ, నీకు వచ్చిన 6, 48 రెండూ పనికొచ్చే తప్పులే. ఒకదాంట్లో కొన్ని భాజకాలు జారిపోయాయి, రెండోదాంట్లో కొన్ని మళ్లీ మళ్లీ లెక్కలోకి వచ్చాయి. రుజువు అంటే ఈ రెండూ జరగవని చూపించడమే.

ముందు 48 సంగతి. 12 భాజకాల్లోంచి ఒకటి, 30 భాజకాల్లోంచి ఒకటి తీసుకుని గుణిస్తే 360కి భాజకం వస్తుంది, నిజమే. కానీ 6 ఎన్ని దారుల్లో వస్తుందో చూడు: 1×6, 2×3, 3×2, 6×1. ఒకే భాజకం నాలుగుసార్లు లెక్కకెక్కింది. 8 మాత్రం 4×2గా ఒక్కసారే వస్తుంది. అంటే 48ని ఏదో ఒక అంకెతో భాగించి సరిచేద్దామన్నా అన్నిటికీ ఒకే లెక్క కుదరదు. కిరణ్ చెప్పిన 8, 9లకు ఉమ్మడి ప్రధాన కారణాంకం లేదు కాబట్టి అతని పద్ధతి అక్కడ నిలబడింది. 360ని కూడా 8 × 45గా చీలిస్తే 4 × 6 = 24 సరిగ్గా వస్తుంది.

ఇక 6 సంగతి. 6² × 10 నుంచి నువ్వు తయారుచేయగలిగినవి 1, 6, 36, 10, 60, 360, అంతే. 5 కావాలంటే 10ని పగలగొట్టాలి, నీ పద్ధతిలో అది పగలదు.

ఇప్పుడు రుజువు. 360 = 2³ × 3² × 5. d ఒక భాజకం అనుకో. అంటే d × e = 360 అయ్యేలా e అనే పూర్ణసంఖ్య ఉంది. d, e రెండిటినీ ప్రధాన కారణాంకాలుగా రాసి గుణిస్తే ఒక్కో ప్రధాన సంఖ్య ఘాతాంకాలు కూడుకుంటాయి. ఆ వచ్చిన రూపం 360దే. 360కి ప్రధాన కారణాంక విభజన ఒక్కటే కాబట్టి dలోని 2 ఘాతాంకం, eలోని 2 ఘాతాంకం కలిపి కచ్చితంగా 3 కావాలి. అందుకే dలో 2 ఘాతాంకం 3 దాటదు, 3 ఘాతాంకం 2 దాటదు, 5 ఘాతాంకం 1 దాటదు. 7 లాంటి కొత్త ప్రధాన సంఖ్య దూరే సందే లేదు. కాబట్టి ప్రతి భాజకం 2ᵃ × 3ᵇ × 5ᶜ రూపంలోనే ఉంటుంది. aకి 0 నుంచి 3 వరకు, bకి 0 నుంచి 2 వరకు, cకి 0 గానీ 1 గానీ.

తిరిగి వెనక్కి కూడా చూడాలి. అలాంటి a, b, c ఏవి తీసుకున్నా 360ని ఆ సంఖ్యతో భాగిస్తే 2³⁻ᵃ × 3²⁻ᵇ × 5¹⁻ᶜ వస్తుంది. ఘాతాంకాల్లో రుణాలు లేవు, కాబట్టి అది పూర్ణసంఖ్యే. అంటే అవన్నీ భాజకాలే. వేర్వేరు a, b, c ఇస్తే వేర్వేరు సంఖ్యలే వస్తాయి, ఇదీ విభజన ఒక్కటే అన్నదాని వల్లే. aకి నాలుగు ఎంపికలు, bకి మూడు, cకి రెండు. 4 × 3 × 2 = 24. ఆ కలిపే 1 ఎక్కడిదంటే ఘాతాంకం 0 కూడా ఒక ఎంపిక కావడం వల్ల వచ్చింది. 360 బదులు pᵏ × qᵐ × … అని రాసుకో, ఒక్క మాట కూడా మార్చకుండా ఇదే రుజువు (k+1)(m+1)… ఇస్తుంది.

శ్రావణి:
0 కూడా ఎంపికే అన్నాక వెలిగిందండీ. ఇన్నాళ్లూ ఆ +1 ఎందుకో తెలియకుండానే వేస్తున్నా. మరి మొత్తం?

రమణమూర్తి:
దానికి కొత్త ఆలోచన అక్కర్లేదు. ఈ లబ్ధం చూడు:

(1 + 2 + 4 + 8)(1 + 3 + 9)(1 + 5)

బ్రాకెట్లు విప్పితే ఒక్కో బ్రాకెట్‌లోంచి ఒక్కో పదం తీసుకుని గుణించాలి. 4, 3, 5 తీసుకుంటే 60. 8, 1, 1 తీసుకుంటే 8. అంటే ఇందాకటి a, b, c ఎంపికలే ఇవి. 24 భాజకాలూ తలా ఒక్కసారి వచ్చి కూడుకుంటాయి. కాబట్టి మొత్తం 15 × 13 × 6 = 1170.

ఒక్కో బ్రాకెట్ గుణశ్రేఢి. S = 1 + p + … + pᵏ అనుకుంటే pS లోంచి S తీసేస్తే మధ్యవన్నీ కొట్టేసుకుని pᵏ⁺¹ − 1 మిగులుతుంది. అందుకే S = (pᵏ⁺¹ − 1)/(p − 1). చిన్న సంఖ్యలకు నేను ఈ భిన్నం జోలికి పోను, నేరుగా కూడేస్తాను.

వెంకటలక్ష్మి:
1170 తప్పు అనుకుంటానండీ. మా అబ్బాయి పుస్తకం వెనక 360కి జవాబు 810 అని ఉంది.

కిరణ్:
ప్రశ్న ఒకసారి సరిగ్గా చూడండి, 'ఆ సంఖ్య కాకుండా మిగతా భాజకాల మొత్తం' అని ఉండాలి. 1170 − 360 = 810.

వెంకటలక్ష్మి:
అవునండీ, పైన చిన్న అక్షరాల్లో ఉంది. దాని కిందే సరి భాజకాల మొత్తం కూడా అడిగాడు. అది 1170లో సగమా?

కిరణ్:
సగం కాదండీ. సరి కావాలంటే 2 కనీసం ఒకసారి ఉండాలి. మొదటి బ్రాకెట్‌లో 1 తీసేయండి: (2 + 4 + 8) × 13 × 6 = 1092. బేసివి 1 × 13 × 6 = 78. రెండూ కలిపితే 1170, సరిపోయింది.

భాస్కర్:
నాదొక గోడు. ఇదే ప్రోగ్రామ్‌గా రాశాను. 36కి, 72కి బాగానే ఇస్తోంది. 360కి మాత్రం 24, 1170 బదులు 12, 195 చూపిస్తోంది. p ని 2 నుంచి మొదలుపెట్టి p × p ≤ n ఉన్నంతవరకు తిప్పుతున్నాను. ఆ షరతు మార్చి మొదటి n వరకు తిప్పితే జవాబు సరిగ్గానే వస్తోంది గానీ పన్నెండు అంకెల సంఖ్య ఇస్తే కదలట్లేదు.

రమణమూర్తి:
12 = 4 × 3, 195 = 15 × 13. అంటే 5 తాలూకు బ్రాకెట్ ఎగిరిపోయింది. 2లు, 3లు తీసేశాక n లో 5 మిగిలింది. తర్వాతి p = 4, 16 అనేది 5 కన్నా పెద్దది కాబట్టి లూప్ ఆగిపోయింది. ఆ మిగిలిన 5ని ఎవరూ పట్టించుకోలేదు. 36, 72లలో చివరికి 1 మిగులుతుంది కాబట్టి అక్కడ తప్పు బయటపడలేదు. లూప్‌ని పొడిగించకు, చివర ఒక్క షరతు చేర్చు:

```python
n = int(input())
cnt = tot = 1
p = 2
while p * p <= n:
    k, s = 0, 1
    while n % p == 0:
        n //= p
        k += 1
        s = s * p + 1
    cnt *= k + 1
    tot *= s
    p += 1
if n > 1:
    cnt *= 2
    tot *= n + 1
print(cnt, tot)
```

లూప్ దాటాక మిగిలినది 1 కాకపోతే అది ప్రధాన సంఖ్యే, ఒక్కసారే ఉంటుంది. అంతకన్నా చిన్న కారణాంకాలన్నీ అప్పటికే తీసేశాం కదా. s లైను బ్రాకెట్‌ని భాగహారం లేకుండా కడుతుంది: 1, తర్వాత p + 1, తర్వాత p² + p + 1. జవాబును ఏదైనా సంఖ్యతో భాగించి శేషం మాత్రమే ఇమ్మంటే కూడా ఇదే నయం. శేషాల్లో (p − 1)తో మామూలుగా భాగించేస్తే జవాబు చెడుతుంది.

భాస్కర్:
పనిచేసింది మాస్టారూ. పన్నెండు అంకెలకు లూప్ పది లక్షలసార్లు తిరిగితే చాలు. ముప్ఫై అంకెలకు?

రమణమూర్తి:
దీనితో అవదు. విభజన తెలిస్తే సూత్రం క్షణంలో అయిపోతుంది. కష్టమంతా విభజించడంలోనే ఉంది. అది వేరే చర్చ పెట్టు.

శ్రావణి:
ఒక్క సందేహం మిగిలిందండీ. రుజువులో 'విభజన ఒక్కటే' అని రెండుసార్లు అన్నారు. అది అంత ముఖ్యమా? ఎవరికైనా తెలిసిందే కదా, పరీక్షలో రాయాలా?

కిరణ్:
అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం ప్రకారం అని ఒక్క ముక్క రాస్తే చాలు.

రమణమూర్తి:
ఎంత ముఖ్యమో ఒక లెక్కలో చూపిస్తాను. 4తో భాగిస్తే 1 మిగిలే సంఖ్యలు మాత్రమే ఉన్నాయనుకుందాం: 1, 5, 9, 13, 17, 21… వీటిలో ఏ రెండు గుణించినా మళ్లీ వీటిలోనిదే వస్తుంది. ఇక్కడ 9 విడిపోదు, ఎందుకంటే 3 ఈ గుంపులో లేదు. 21, 49 కూడా విడిపోవు. అంటే ఈ గుంపు వరకు అవి ప్రధాన సంఖ్యల్లాంటివే. ఇప్పుడు 441 తీసుకో. 441 = 21 × 21, అలాగే 441 = 9 × 49. మొదటి రూపంతో సూత్రం 3 ఇస్తుంది, రెండో రూపంతో 4 ఇస్తుంది. గుంపులో నిజంగా ఉన్న భాజకాలు 1, 9, 21, 49, 441, అంటే 5. రెండు జవాబులూ తప్పే! ఇంతకీ రుజువు ఎక్కడ విరిగిందంటే, d × e విభజనకీ 441 విభజనకీ ఘాతాంకాలు సమానం కావాలి అన్న వాక్యం దగ్గర.

అందుకే నా మట్టుకు, ఆ సిద్ధాంతం పేరు రాసి ఊరుకోకూడదు, ఏ వాక్యంలో వాడావో అక్కడ రాయాలి. వీలైతే దాని రుజువు కూడా రాయాలి.

కిరణ్:
నాలుగు మార్కుల ప్రశ్నకి అంత రాస్తే మిగతా పేపరు ఎవరు రాస్తారు మాస్టారూ? పేరు చాలు.

శ్రావణి:
ఎక్కడ వాడానో మాత్రం రాస్తాను. మీ ఇద్దరి మధ్య నేను తీర్పు చెప్పలేను. ఈలోగా 756 చేశాను: 2² × 3³ × 7, భాజకాలు 3 × 4 × 2 = 24, మొత్తం 7 × 40 × 8 = 2240. దీనికీ 24 భాజకాలే, 360కీ 24 భాజకాలే, మొత్తాలు మాత్రం వేరు. భాజకాల సంఖ్య, మొత్తం రెండూ ఇస్తే అసలు సంఖ్య ఏదో చెప్పేయొచ్చా?

భాస్కర్:
నా ప్రోగ్రామ్‌లో 14, 15 వేసి చూశాను. రెండిటికీ 4, 24 అనే వస్తోంది. (1+2)(1+7) = 24, (1+3)(1+5) = 24. కాబట్టి చెప్పలేం. 1170 మొత్తంగా వచ్చేవి 360 కాకుండా ఇంకేమైనా ఉన్నాయేమో రాత్రికి వెతికి చూస్తాను.